50 నిమిషాల పాఠం ఎవరికి పనికొచ్చింది?

తెలివి పుట్టుకతో వచ్చినంతే, ఇక పెరగదనుకోవడం ఫిక్స్‌డ్ మైండ్‌సెట్. సాధనతో, సరైన పద్ధతితో, పక్కవాళ్ల సాయంతో పెరుగుతుందనుకోవడం గ్రోత్ మైండ్‌సెట్. స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త క్యారల్ డ్వెక్ 2006లో రాసిన పుస్తకంతో ఈ మాటలు బడి గోడల మీది పోస్టర్ల దాకా వెళ్లాయి. అయితే పిల్లల నమ్మకం మారిస్తే మార్కులూ మారతాయా? డేవిడ్ యేగర్ బృందం అమెరికాలో చేసి, 2019లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం దీన్ని గట్టిగానే పరీక్షించింది. 65 ప్రభుత్వ హైస్కూళ్లలో 12 వేలమందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక వర్గం కంప్యూటర్ ముందు రెండుసార్లు, 25 నిమిషాల చొప్పున కూర్చుంది. కష్టమైన పని చేసేకొద్దీ మెదడు ఎలా పదునెక్కుతుందో చదివి, తమ తర్వాత వచ్చే పిల్లలకు అదే సంగతి సొంత మాటల్లో రాసింది. రెండో వర్గం మెదడు గురించే చదివింది కానీ, తెలివి పెరుగుతుందన్న మాట అందులో లేదు.

చదువులో వెనకబడిన పిల్లల గ్రేడు పాయింట్ల సగటు 0.1 పెరిగింది. అంతేనా అని పెదవి విరవొచ్చు. 2018లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టిన సిస్క్ బృందానికీ సగటున అతిస్వల్ప ప్రభావమే కనిపించింది. 2023లో మెక్‌నమారా, బర్గోయిన్ అయితే గట్టి అధ్యయనాలకే పరిమితమై చూస్తే అదీ మిగలదన్నారు. ఆ విమర్శలో పస ఉంది. కానీ సగటు చూస్తే, బాగా చదివే పిల్లల్లో కనపడని మార్పు వెనకబడినవారిలో కనిపించినదాన్ని కప్పేస్తుంది. గంట కూడా పట్టని, ఖర్చు పెద్దగా లేని పనికి, వెనకబడినవారిలో వచ్చిన ఆ 0.1ని తీసిపారేయలేం. అది అద్భుతమని అమ్మేవాళ్లను నమ్మాల్సిన పనీ లేదు.

అసలు ఆసక్తికరమైన సంగతి స్కూళ్ల మధ్య తేడాలో ఉంది. చివర్లో పిల్లలకు లెక్కలు ఎంచుకోమని ఇచ్చారు: సులువైనవా, నేర్చుకోవడానికి పనికొచ్చే కష్టమైనవా? పాఠం చదవని పిల్లలు ఏవి ఎంచుకున్నారన్న దాన్ని బట్టి ఆ స్కూలు వాతావరణాన్ని కొలిచారు. కష్టమైనవాటికి చెయ్యి చాచడం మామూలుగా ఉన్నచోట గ్రేడ్లు ఎక్కువ మెరుగయ్యాయి. తప్పించుకోవడమే రివాజైనచోట అంతగా కదల్లేదు.

మరి టీచర్లకే శిక్షణ ఇస్తే సరిపోతుందా? ఇంగ్లండులో 101 బడుల్లో ఆరో ఏడు పిల్లల మీద ఆ పని చేసి చూశారు. 2019లో వచ్చిన ఫలితం: చదవడంలో గానీ లెక్కల్లో గానీ తేడా లేదు. పోల్చిన బడుల్లోనూ చాలామంది టీచర్లకు ఈ ఆలోచన అప్పటికే పరిచయమన్నది ఒక వివరణ. అది కొంతవరకే నిలుస్తుంది. అప్పటికే అందరికీ తెలిసిన విషయానికి మళ్లీ శిక్షణెందుకన్న ప్రశ్న ఉండనే ఉంది. యేగర్ బృందం 2022లో తన అమెరికా లెక్కల్నే మళ్లీ తవ్వి చూస్తే, టీచరు సైతం తెలివి పెరుగుతుందని నమ్మిన తరగతుల్లోనే ఆ పాఠం లెక్కల గ్రేడ్లను పెంచినట్టు తేలింది.