ఇద్దరి పేర గృహరుణం: పన్ను లాభమెంత, భారమెంత?

సొంతంగా ఉండే ఇంటి రుణంపై కట్టే వడ్డీలో ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు ఆదాయం నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఈ పరిమితి ఇంటికి కాదు, మనిషికి. భార్యాభర్తలిద్దరూ రుణగ్రహీతలై, రిజిస్ట్రేషన్ దస్తావేజులోనూ యజమానులై, వాయిదాలు ఇద్దరూ కడుతుంటే ఎవరి 2 లక్షలు వారికి వస్తాయి. బ్యాంకు కాగితాల్లో భార్య పేరుండి దస్తావేజులో లేకపోతే ఆమెకు మినహాయింపు రాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

60 లక్షల రుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు 52 వేలు. మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 5 లక్షలు. ఒక్కరి పేర తీసుకుంటే అందులో 2 లక్షలకే మినహాయింపు, ఇద్దరైతే 4 లక్షలకు. రెండో వ్యక్తి 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 62,400 రూపాయలు మిగులుతాయి. అయితే ఇదంతా పాత పన్ను విధానంలోనే. కొత్త విధానం ఎంచుకున్నవారికి సొంత నివాసపు వడ్డీపై మినహాయింపు లేదు.

బాధ్యత మాత్రం సగం సగం కాదు. ఒకరు కట్టలేకపోతే బ్యాంకు మొత్తం బాకీని రెండోవారి నుంచి వసూలు చేయవచ్చు. వాయిదా తప్పితే ఇద్దరి క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. విడాకులు తీసుకున్నా బ్యాంకు ఒప్పుకోనిదే పేరు తొలగదు. కాబట్టి ఒక్క జీతంతో ఆ 52 వేలు కట్టగలిగే ఇంట్లోనే ఉమ్మడి రుణం క్షేమం.