మొత్తాలు కలిసినా మిగిలే తప్పులు

ఒక సంస్థ లెక్కలు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు అందరూ ముందుగా చూసేది ట్రయల్ బ్యాలెన్స్. పాతదానిలో ఉన్న డెబిట్, క్రెడిట్ మొత్తాలే కొత్తదానిలోనూ కనిపిస్తే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి దాని వల్ల తేలేది ఒక్కటే, మొత్తాలు సరిగ్గా చేరాయని. ఆ మొత్తాల వెనకున్న బిల్లులు, తేదీలు, చెక్కులు, సరుకు ఎలా చేరాయో ట్రయల్ బ్యాలెన్స్ చెప్పదు. మార్పిడిలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం దాక్కునేది అక్కడే.

ఉదాహరణకు ఒక మందుల హోల్‌సేల్ సంస్థను ఊహించుకోవచ్చు. మార్చి 31 రాత్రితో పాత లెక్కలు ఆపి, ఏప్రిల్ 1 నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌లో రాయాలన్నది నిర్ణయం. ఆ రాత్రి చివరి బిల్లు, చివరి రసీదు, చివరి చెక్కు నంబర్లు ఒక కాగితం మీద రాసి సంతకాలు చేయించాలి. ఆ తర్వాత పాతదానిలో ఎవరూ కొత్తగా ఏమీ రాయలేకుండా తాళం వేయాలి. అది చేయకపోతే, బ్యాలెన్సులు బయటికి తీశాక కూడా ఎవరో ఒకరు పాతదానిలో ఓ బిల్లు కొడతారు. ఆ బిల్లు ఇటూ ఉండదు, అటూ ఉండదు.

ఖాతాదారుల బకాయిలు పాత లెడ్జర్‌లో రూ.1,84,60,000. కొత్త లెడ్జర్‌లోనూ అంతే కనిపించింది. అయితే కొత్తదానిలోకి ఎక్కించిన బిల్లుల జాబితాను విడిగా కూడితే రూ.1,86,05,000 వచ్చింది. తేడా రూ.1,45,000. లెక్కల గుమాస్తాలకు ఇలాంటి చోట పాత చిట్కా ఒకటి ఉంది. తేడాను సగం చేసి, ఆ సగం ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతుకుతారు. ఇక్కడ సగం రూ.72,500. ఒక మెడికల్ షాపు యజమాని ముందుగానే కట్టిన అడ్వాన్సు సరిగ్గా అంతే. పాతదానిలో అది క్రెడిట్‌గా ఉంది, ఎక్కించేటప్పుడు మైనస్ గుర్తు పోయి డెబిట్ అయింది. సంస్థ ఇవ్వాల్సిన డబ్బు రావాల్సిన డబ్బుగా మారింది కాబట్టి తేడా రెట్టింపైంది. లెడ్జర్ మొత్తంతో పాటు బిల్లుల జాబితా మొత్తాన్ని కూడా పోల్చకపోతే ఇది బయటపడేది కాదు. ఆ షాపుకు బాకీ కట్టమని నోటీసు వెళ్లాకే తెలిసేది.

మొత్తాలు, జాబితాలు రెండూ కలిసినా తేదీలు తప్పే అవకాశం ఉంటుంది. పాత బిల్లులన్నిటికీ ఏప్రిల్ 1 తేదీ వేసి ఎక్కించడం చాలాచోట్ల జరిగేదే, పని త్వరగా తెములుతుంది మరి. అలా చేసిన మరుక్షణం ఏడాదిగా కట్టని బకాయిదారుడు కూడా నిన్న సరుకు తీసుకున్నవాడిలా కనిపిస్తాడు. చెల్లించాల్సిన బిల్లుల్లో దెబ్బ ఇంకా పెద్దది. సరఫరాదారుకు 180 రోజుల్లోగా సొమ్ము చెల్లించకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. డిసెంబరు 12 నాటి బిల్లుకు ఆ గడువు జూన్ 10. ఏప్రిల్ 1 తేదీ పడితే కొత్త సాఫ్ట్‌వేర్ సెప్టెంబరు 28 దాకా నిశ్చింతగా ఉంటుంది. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. పెద్ద బిల్లులన్నీ, చిన్నవాటిలో కొన్ని ఎంచుకుని అసలు కాగితం పక్కన పెట్టుకుని తేదీ, మొత్తం, పేరు సరిచూడాలి.

బ్యాంకు ఖాతా సంగతి వేరు. మార్చి 31న పుస్తకాల ప్రకారం నిల్వ రూ.23,40,000. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రూ.26,15,000. ఇచ్చిన చెక్కుల్లో ఇంకా పాస్ కానివి రూ.3,50,000, జమ చేసినా ఖాతాలో పడనివి రూ.75,000. మొదటిది తీసేసి రెండోది కలిపితే రెండు నిల్వలూ సరిపోతాయి. కొత్తదానిలోకి ఒక్క రూ.23,40,000 మాత్రమే ఎక్కించి, పెండింగ్ చెక్కుల జాబితా వదిలేస్తే చిక్కు ఏప్రిల్లో మొదలవుతుంది. చెక్కు పాస్ అయినట్టు స్టేట్‌మెంట్ చూపిస్తుంది, దానికి జోడీ అయ్యే ఎంట్రీ కొత్త పుస్తకాల్లో ఉండదు. ఎంట్రీ మర్చిపోయారనుకుని గుమాస్తా మళ్లీ చెల్లింపు రాస్తాడు. నిల్వ రెండోసారి తగ్గుతుంది, సరఫరాదారుకు ఎక్కువ కట్టినట్టు తేలుతుంది.

బ్యాంకు లెక్క కుదరకపోతే ఎంత దూరం వెళ్తుందో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థలో తెలిసింది. 2022 ఏప్రిల్‌లో అది శాప్ నుంచి ఒరాకిల్‌కు మారింది. తమ అవసరాలకు తగ్గట్టు ప్రత్యేకంగా చేయించుకున్న బ్యాంక్ రీకన్సిలియేషన్ భాగం సరిగా పనిచేయలేదు. వచ్చిన డబ్బు ఏ ఖాతాకు చెందుతుందో సిబ్బంది చేత్తో సరిచూడాల్సి వచ్చింది. ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లు పెరిగింది.

మందుల సంస్థలో అన్నిటికన్నా మోసపూరితమైన తప్పు సరుకులో దొరికింది. పాతదానిలో ఒక మాత్ర 1,200 స్ట్రిప్పులు, స్ట్రిప్పు రూ.30, విలువ రూ.36,000. కొత్తదానిలో సరుకును పెట్టెల్లో లెక్కిస్తారు, పెట్టెకు పది స్ట్రిప్పులు. 120 పెట్టెలు, పెట్టె రూ.300 అని ఎక్కాల్సింది 1,200 పెట్టెలు, పెట్టె రూ.30 అని ఎక్కింది. విలువ మాత్రం అదే రూ.36,000, కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్‌కు ఏ అనుమానమూ రాలేదు. ఏప్రిల్లో ఒక పెట్టె రూ.330కి అమ్మితే అసలు లాభం రూ.30, సాఫ్ట్‌వేర్ చూపించింది రూ.300. నూట ఇరవై పెట్టెలు అమ్మేసరికి గోడౌన్ ఖాళీ, తెర మీద ఇంకా 1,080 పెట్టెలు. మొదటి నెల లాభం ఎన్నడూ లేనంతగా కనిపిస్తే సంతోషించే ముందు సరుకు యూనిట్లు చూడటం మంచిది.

కొత్త సాఫ్ట్‌వేర్ నడిచాక చేసే సమీక్షకు సరైన సమయం మొదటి నెల ముగింపు తర్వాత ఒకసారి, మొదటి త్రైమాసికం తర్వాత మరోసారి. సమీక్షకుడు ముందుగా తెరవాల్సింది సస్పెన్స్ ఖాతా. ఓపెనింగ్ బ్యాలెన్సులు ఎక్కించేటప్పుడు మిగిలిన తేడాలన్నీ అక్కడికే చేరతాయి. నిల్వ సున్నా ఉంటే చాలదు, ఆ సున్నా ఎలా వచ్చిందో చూడాలి. ఏ ఆధారమూ లేని ఒక్క జర్నల్ ఎంట్రీతో తేడాను ఇతర ఖర్చుల్లోకి తోసేసి ఉంటే తప్పు దిద్దినట్టు కాదు, పూడ్చిపెట్టినట్టు. సిబ్బంది సాఫ్ట్‌వేర్ పక్కన ఎక్సెల్‌లో సొంత లెక్కలు రాసుకుంటున్నారా అన్నదీ చూడాలి. దేన్ని నమ్మడం లేదో ఆ షీట్లే చెబుతాయి.

మార్పిడి కోసం బయటి కన్సల్టెంట్లకు ఇచ్చిన పూర్తి అధికారాల లాగిన్లు చాలాచోట్ల నెలల తరబడి అలాగే ఉండిపోతాయి, వాటిని మూయించాలి. కంపెనీగా నమోదైన సంస్థ వాడే సాఫ్ట్‌వేర్ ప్రతి సవరణను, తేదీతో సహా నమోదు చేయాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ నమోదును ఎవరూ ఆపేయడానికి వీల్లేదు. ఓపెనింగ్ బ్యాలెన్సులను ఏప్రిల్ తర్వాత ఎవరు, ఎప్పుడు మార్చారో అందులోనే దొరుకుతుంది.

సమీక్ష అయ్యాక పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు రద్దు చేసుకుని డబ్బు మిగుల్చుకోవాలని యాజమాన్యానికి అనిపించడం సహజం. కంపెనీల చట్టం ప్రకారం 8 ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు భద్రపరచాలి. అందువల్ల పాత లెక్కలు తెరిచి చదవగలిగే ఏర్పాటు అప్పటిదాకా ఉండి తీరాలి.