6.4 నలభై దాటిన స్త్రీలలో కొవ్వు తగ్గుదల

"తినేది అదే, చేసే పని అదే. అయినా నడుము చుట్టూ లావెక్కుతోంది" అని నలభై దాటిన స్త్రీలు తరచుగా అంటుంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. భారతీయ స్త్రీలకు ముట్లు ఆగిపోయే వయసు సగటున 46-47 ఏళ్లు. అంతకు కొన్నేళ్ల ముందునుంచే ఈస్ట్రోజన్ హార్మోను హెచ్చుతగ్గులకు లోనై క్రమంగా తగ్గిపోతుంది. అది తగినంత ఉన్నప్పుడు కొవ్వు ఎక్కువగా తొడలు, పిరుదుల దగ్గర చేరుతుంది. తగ్గాక పొట్టలో చేరడం మొదలవుతుంది. అందువల్ల బరువు మారకపోయినా నడుము చుట్టుకొలత పెరగవచ్చు. అయితే బరువు పెరగడానికి హార్మోన్లనే నిందించడం సరికాదు. వయసుతోపాటు కండ తరగడం, కదలిక తగ్గడం కూడా ముఖ్య కారణాలే.

కండ తరుగుతుంది కాబట్టే ఈ వయసులో నడకకంటే ముందు కండర బలాన్ని పెంచే వ్యాయామానికి చోటివ్వాలి. తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో చేస్తే చాలు. కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం వంటివి ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు చేయాలి. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. అనిపించకపోతే బరువు పెంచాలి. చాలామంది నెలల తరబడి అవే సీసాలు ఎత్తుతుంటారు. లోపం అక్కడే ఉంటుంది. మోకాళ్ల నొప్పి, అధిక రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

ఇక వారానికి ఎంత తగ్గవచ్చు? పావు కిలో నుంచి అర కిలో వరకు. 46 ఏళ్ల వయసు, 70 కిలోల బరువు ఉన్న ఒక గృహిణిని ఊహించుకుందాం. ఆమె రాత్రి భోజనంలో ఒక కప్పు అన్నం, రోజు మొత్తంలో ఒక పెద్ద చెంచా నూనె తగ్గించి, పప్పు, పెరుగు, గుడ్డు మాత్రం తగ్గించలేదు. దీనివల్ల రోజుకు సుమారు 310 కేలరీలు, వారానికి సుమారు 2,200 కేలరీలు తగ్గుతాయి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి కనుక వారానికి తగ్గేది 300 గ్రాములకు లోపే.

కానీ తొలి రెండు మూడు వారాల్లో కాటా ఈ మార్పును చూపకపోవచ్చు. కొత్తగా వ్యాయామం చేసే కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి. ముట్లకు ముందు, ఊరగాయ ఎక్కువగా తిన్న మర్నాడు కూడా బరువు కిలో దాకా పెరగవచ్చు. చాలామంది ఇక్కడే విసుగెత్తి రాత్రి భోజనం మానేస్తారు. అందుకే ఒక రోజు బరువును మరో రోజుతో పోల్చకుండా వారపు సగటును చూడాలి. నెలకు రెండుసార్లు, ఉదయం పరగడుపున, ఒకే చోట టేపుతో నడుము కొలవాలి. మన స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటని నడుము మంచిది. మూడు నెలలకూ బరువు, నడుము రెండూ కదలకపోతే అన్నం, నూనె మళ్లీ కొలిచి చూడాలి. కొలత సరిగానే ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.