మొజాయిక్ నేల: రాయి ఎంత కనబడాలి, మెరుపు ఎక్కడ ఆగాలి

వెనీసులో పాలరాతి పనివాళ్ళ దగ్గర చెక్కగా మిగిలిన ముక్కలకు ఎప్పుడూ కొదవ లేదు. వాటిని సున్నంలో కూర్చి నేలగా పరిచే పని 16వ శతాబ్దానికే అక్కడ సొంత సంఘం ఉన్న వృత్తి అయిపోయింది. ఆ ఊరికి అది సరిగ్గా సరిపోయింది కూడా. బురదలో దిగేసిన కొయ్య దుంగల మీద నిలిచిన భవనాలు కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటాయి. పెద్ద రాతి పలకలైతే విరుగుతాయి, సున్నపు నేల మాత్రం కొంతవరకు సర్దుకుపోతుంది.

అయితే ముక్కలు పరిచినంత మాత్రాన నేల తయారు కాదు. గట్టిపడ్డ పొరను నీళ్ళు, ఇసుక పోసి రుద్దాలి. పొడుగాటి కర్ర చివర బరువైన రాయి బిగించి దాన్ని నేల మీద ముందుకూ వెనక్కూ లాగేవాళ్ళు. ఆ పనిముట్టు పేరు గలేరా. ఆఖరున అవిసె నూనె పట్టించేవాళ్ళు. 19వ శతాబ్దంలో సున్నం స్థానంలోకి సిమెంటు వచ్చాక నేల గట్టిదైంది, రుద్దడం మరింత కష్టమైంది. 1920ల నాటికి కరెంటుతో తిరిగే పాలిషింగ్ మిషన్ ఆ కష్టాన్ని తీర్చింది. ఫ్రియులీ ప్రాంతం నుంచి వలసపోయిన పనివాళ్ళు ఈ విద్యను అమెరికా దాకా తీసుకెళ్ళారు. హాలీవుడ్‌లో సినిమా వాళ్ళ పేర్లతో కాలిబాట మీద కనిపించే నక్షత్రాలు కూడా ఇత్తడి అంచులు కట్టిన మొజాయిక్ పనే.

మిషన్ వల్ల పని త్వరగా అయిందనే అందరూ చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది లోతు. మిషన్ వచ్చాక నేలను మిల్లీమీటర్ల లెక్కన కోసెయ్యడం తేలికైంది, నేల రూపమంతా ఆ లోతు మీదే ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే మొజాయిక్‌లో మనం చూసేది చిప్‌ను కాదు, చిప్ మీద పడిన కోతను.

బూందీ లడ్డూను పదునైన కత్తితో మధ్యకు కోసి చూడండి. బూందీ గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజువి. కోసిన ముఖం మీద మాత్రం కొన్ని పెద్ద గుండ్రాలు, కొన్ని చిన్నవి, అక్కడక్కడ చుక్కలు కనిపిస్తాయి. కత్తి ఏ గింజకు నడిమి భాగంలో తగిలిందో అది పెద్దదిగా, ఏ గింజకు అంచున తగిలిందో అది చిన్నదిగా కనబడుతుంది. నేలలో జరిగేదీ అదే. గుండ్రటి ముక్కలనుకుంటే, కోత మీద కనిపించే సగటు వెడల్పు అసలు వెడల్పులో 78 శాతమే.

మన ఇళ్ళలో బాగా కనిపించే రకాన్ని తీసుకుని లెక్క వేద్దాం. 4 నుంచి 7 మిల్లీమీటర్ల చిప్స్ వాడితే పైపొర 9 మిల్లీమీటర్ల మందం ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. చిప్ సగటున ఐదున్నర మిల్లీమీటర్లు. కోత మీద అది నాలుగు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా, అంటే సుమారు 16 చదరపు మిల్లీమీటర్ల ముఖంతో కనబడుతుంది. మంచి నేలలో 70 శాతం రాయే కనిపించాలి. కాబట్టి పది సెంటీమీటర్ల చదరంలో, అంటే ఇంచుమించు అరచేతి జాగాలో, 400కు పైగా ముక్కలుండాలి. అదే 7 నుంచి 10 మిల్లీమీటర్ల చిప్స్ అయితే ఆ చదరంలో 180 చాలు. అంగుళం వెడల్పు ముక్కలతో చేసే వెనీసు తరహా నేలలోనైతే ఇరవై ముక్కలతోనే చదరం నిండిపోతుంది.

నకిలీ మొజాయిక్ ప్రింటు వేసిన షీట్లు, సినిమా సెట్ల నేలలు చాలాసార్లు ఇక్కడే పట్టుబడతాయి. నలభై ముక్కలు, అన్నీ ఒకే సైజు, ఒకదానికొకటి సమాన దూరంలో ఉంటాయి. అసలు నేలలో అలా ఉండదు. కొన్ని ముక్కలు దాదాపు రాసుకుంటాయి, పెద్దవాటి సందుల్లో పొడి లాంటి చిన్నవి ఇరుక్కుంటాయి, సిమెంటు సన్నటి దారుల్లా మాత్రమే మిగులుతుంది. రాయిని పగలగొట్టి చేసిన చిప్స్ గనుక అంచులు కోణాలుగా ఉంటాయి, గులకరాళ్ళలా నున్నగా కావు.

గాజు పట్టీల దగ్గర ఇంకో గుర్తు ఉంది. సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి గదిని రెండు చదరపు మీటర్లకు మించని గళ్ళుగా విడదీసి, ముందే పట్టీలు నిలబెట్టి ఆ తర్వాతే మాల్ పోస్తారు. అందుకని చిప్స్ పట్టీకి ఆనుకుని నిలుస్తాయి. ఒకే ముక్క పట్టీకి ఇవతల సగం, అవతల సగం కనిపించిందంటే అది బొమ్మే.

ఇక లోతు తప్పితే ఏమవుతుంది? మాల్ పరిచి రోలర్ తిప్పినప్పుడు చిప్స్ దగ్గరకు చేరతాయి, వాటి మీద పల్చటి సిమెంటు పొర పేరుకుంటుంది. మిషన్‌ను తొందరగా ఆపేస్తే ముక్కల కొసలు మాత్రమే తెగుతాయి. అప్పుడు నేల నిండా సిమెంటు, అందులో విడివిడిగా చుక్కలు కనిపిస్తాయి. చిప్స్ తక్కువ వేశారేమోనని ఇంటాయన మేస్త్రీ మీద విరుచుకుపడతాడు గానీ, చాలాసార్లు చిప్స్ కిందే ఉంటాయి, ఇంకో మిల్లీమీటరు కోస్తే పైకి తేలతాయి. నిజంగా తక్కువ వేసిన నేలలో తేడా తెలిసిపోతుంది. అందులో ముక్కలు నిండు వెడల్పుతోనే ఉంటాయి, మధ్య ఖాళీలే పెద్దవిగా ఉంటాయి.

మొదటి కోత 60 నంబరు రాయితో మొదలవుతుంది. అందులోని కణం పావు మిల్లీమీటరు ఉంటుంది. ఈ దశలో కొన్ని చిప్స్ ఊడిపోతాయి, గాలి బుడగలు తెరుచుకుని సూది బెజ్జాల్లా కనిపిస్తాయి. అదే రంగు సిమెంటును పల్చగా కలిపి వాటిలోకి రుద్ది, ఆరనిచ్చి, 120 రాయి తిప్పుతారు. మళ్ళీ సిమెంటు పూసి, తడిపి ఉంచి, చివరకు 320 వేస్తారు. పూసిన సిమెంటు రంగు కొంచెం తేడా వస్తే నేల మీద జీవితాంతం మచ్చలుంటాయి. ఇంటివాళ్ళు దాన్ని పాలిష్ తప్పనుకుంటారు, కానీ అది రంగు కలిపినవాడి తప్పు.

ఆఖరు మెరుగు ఆక్సాలిక్ ఆసిడ్‌ది. పాలరాయిలోని కాల్షియంతో అది కలిసి నీళ్ళలో తేలిగ్గా కరగని ఉప్పుగా మారుతుంది, సన్నటి గీతల్ని సరిచేస్తుంది. అయినా మొజాయిక్ నేల మెరుపు గ్రానైట్‌ది లాగా ఒకే అద్దంలా ఉండదు. పాలరాయి స్ఫటికం నున్నగా తేలుతుంది. సిమెంటులో సూక్ష్మ రంధ్రాలుంటాయి కాబట్టి అది వెలుగును చెదరగొడుతుంది. గదికి ఆ చివర నిలబడి కిటికీ వైపు చూస్తే, చూపు ఏటవాలుగా పడుతుంది గనుక నేలంతా ఒకే రీతిలో మెరుస్తుంది, కిటికీ నీడ కూడా కనబడుతుంది. దగ్గరికొచ్చి వంగి చూస్తే ఆ ప్రతిబింబం ముక్కలవుతుంది. ప్రతి చిప్ మీద చిన్న మెరుపు, చుట్టూ మసకగా సిమెంటు గీత. తలవంచి నిట్టనిలువుగా కాళ్ళ దగ్గర చూస్తే మెరుపు దాదాపు పోయి, రాయి రంగు తడిసినంత చిక్కగా కనిపిస్తుంది. మొజాయిక్‌ను బొమ్మ గీసేవాళ్ళు ఈ మూడు దూరాలకూ ఒకే నిగనిగ పూసేస్తే నేల ప్లాస్టిక్ అయిపోతుంది.

పాత నేలను మళ్ళీ కోసి పాలిష్ పెట్టించవచ్చు. ఒకటిన్నర మిల్లీమీటరు పోయినా కింద ఇంకా చిప్స్ ఉంటాయి, కాకపోతే పాత బొమ్మ తిరిగి రాదు. అదే ముక్కల్లో కొన్ని లావవుతాయి, కొన్ని మాయమై కిందివి బయటపడతాయి. మిషన్ చక్రం గోడ వారకు అందదు గనుక ఆ అంచుల్ని చేత్తో రుద్దుతారు. కొత్తగా పాలిష్ పెట్టిన గదిలో కూడా గోడల వెంబడి బెత్తెడు మేర నేల కాస్త మసకగా, చిప్స్ కాస్త చిన్నగా ఉండడానికి కారణం ఇదే.