లెక్క తప్పింది ఏ మెట్టు దగ్గర?

ఎనిమిదో తరగతి పిల్లాడికి లెక్కల్లో 100కు 30 కూడా రాకపోతే ఇంట్లో మొదట వచ్చే మాట ట్యూషన్. మాస్టారిని ఇంటికి పిలిపించాలా, పక్క వీధిలో పదిహేను ఇరవై మంది కూర్చునే ట్యూషన్‌కు పంపాలా అన్నది ఆ తర్వాతి చర్చ. చాలా ఇళ్లలో దీన్ని ఫీజే తేలుస్తుంది. తేల్చాల్సింది మాత్రం పిల్లాడి నోటుబుక్కు.

ఒక ఉదాహరణ చూడండి. x/2 + x/3 = 10 అన్న సమీకరణాన్ని సాధించమంటే పిల్లాడు 2x/5 = 10 అని రాసి, x = 25 అని తేల్చాడు. సరైన జవాబు 12. నోటుబుక్కులో ఎర్ర ఇంటూ పడింది. సమీకరణాలు రావడం లేదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి 2x/5 = 10 నుంచి 25కు వెళ్లిన దారిలో తప్పేమీ లేదు, సమీకరణం సాధించడం అతనికి వచ్చు. తప్పంతా అంతకు ముందే, భిన్నాలు కూడిన చోట జరిగింది. లవాలు రెండూ కలిపాడు, హారాలు రెండూ కలిపాడు. అది ప్రాథమిక తరగతుల్లో మిగిలిపోయిన లోటు.

ఇది ఇరవై మంది ఉన్న గదిలో ఎలా బయటపడుతుంది? దాదాపు పడదు. మాస్టారు బోర్డు మీద లెక్క చేసి "అర్థమైందా?" అంటారు, అందరితో పాటు ఇతనూ "అయింది సార్" అంటాడు. బోర్డు మీది జవాబు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇంటికొచ్చాక తల్లి చూస్తే పేజీలన్నీ సరైన జవాబులే. పరీక్షలో మాత్రం మళ్లీ 2x/5.

పక్కన కూర్చుని ఒక్కడికే చెప్పే మాస్టారికి ఇక్కడ పెద్ద సౌలభ్యం ఉంది. "1/2, 1/3 కలిపితే ఎంత?" అని అడుగుతారు. 2/5 అంటాడు. "సరే, సగం రొట్టె పెద్దదా, అయిదింట రెండు వంతుల రొట్టె పెద్దదా?" పిల్లాడు ఆలోచిస్తాడు. సగమే పెద్దది. సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గడమేమిటన్న అనుమానం అతనికే వస్తుంది. అప్పుడు ఒక కాగితం పట్టీని ఆరు సమాన భాగాలుగా మడిపిస్తే సగానికి మూడు భాగాలు, మూడో వంతుకు రెండు, మొత్తం 5/6 అని కళ్లెదుట కనబడుతుంది. క.సా.గు. ఎందుకు కావాలో అక్కడ తెలుస్తుంది. క.సా.గు. దగ్గరా ఆగిపోతే ఎక్కాలు చూడాలి. ఇలా మెట్టు మెట్టూ దిగుతూ పిల్లాడి కాలు నిలిచే చోటు కనిపెట్టడమే ఇంటి ట్యూషన్‌లో అసలు విలువ.

అయితే ఆ విలువ అందరికీ దక్కడం లేదు. చాలా ఇళ్లలో మాస్టారు వచ్చి, రేపటి హోంవర్కు పూర్తి చేయించి వెళ్లిపోతారు. పిల్లాడు కలం ఆపి తలెత్తగానే తర్వాతి మెట్టు ఆయనే చెప్పేస్తారు. నెలల తరబడి ఇలా సాగితే, పక్కన మనిషి లేకుండా లెక్క మొదలుపెట్టలేని స్థితి వస్తుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. నిన్న చేసిన లెక్కలోనే అంకెలు మార్చి, x/3 + x/4 = 14 అని రాసిచ్చి, తల్లో తండ్రో పది నిమిషాలు పక్కకు తప్పుకోవాలి. 24 వస్తే సరే. 2x/7 అని రాశాడంటే నిన్న లెక్క చేసింది మాస్టారే.

గ్రూపును అలాగని తీసిపారేయలేం. ట్యూషన్లపై పరిశోధనలను క్రోడీకరించే బ్రిటన్ సంస్థ ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ లెక్క ప్రకారం, ఒక్కరికే చెప్పినప్పుడు ఏడాదిలో వచ్చే అదనపు ప్రగతి సగటున అయిదు నెలల చదువుతో సమానం. చిన్న గ్రూపులో అది నాలుగు నెలలు. తేడా అంతే. కాకపోతే వాళ్ల దృష్టిలో చిన్న గ్రూపంటే ఇద్దరి నుంచి అయిదుగురు. ఆరేడుగురు దాటితే ఫలితం పడిపోతుంది. మన వీధుల్లోని ట్యూషన్లు ఎక్కువగా ఆ గీతకు అవతలే ఉన్నాయి.

సంఖ్యతో పాటు గ్రూపులో ఎవరున్నారన్నదీ చూడాలి. ప్రథమ్ సంస్థ మన దేశంలో పిల్లలను తరగతిని బట్టి కాక, వచ్చిన లెక్కను బట్టి జట్లుగా కూర్చోబెట్టి మంచి ఫలితాలు సాధించింది. భిన్నాల దగ్గర ఆగిన నలుగురు ఒకచోట ఉంటే, ఒకడి తప్పును ఇంకొకడు పట్టుకుంటాడు, ఎందుకు తప్పో తన మాటల్లో చెబుతాడు. ఇంటి ట్యూషన్‌లో ఆ అవకాశం ఉండదు.

అందుకే ఈ పిల్లాడికి ముందు కొన్ని వారాలు ఇంట్లో, హోంవర్కు జోలికి పోకుండా భిన్నాలు మాత్రమే చెప్పించడం మేలు. మార్చి ఇచ్చిన లెక్కలు అయిదింట నాలుగు ఒంటరిగా చేయగలిగిన రోజు నలుగురైదుగురి గ్రూపుకు మార్చవచ్చు, ఖర్చూ తగ్గుతుంది. చేర్చేటప్పుడు మాస్టారిని రెండు విషయాలు అడగాలి: మావాడితో పాటు కూర్చునేవాళ్లు ఏ లెక్క దగ్గర ఉన్నారు, వాడు తప్పు చేసిన లెక్కను మీరు చేసి చూపిస్తారా, వాడి చేతే మళ్లీ చేయిస్తారా?