షుగరున్నవారిలో మళ్లీ మళ్లీ వచ్చే ఈస్ట్ ఇన్ఫెక్షన్

షుగరు జబ్బు ఉన్నవారికి జననాంగాల దగ్గర పదేపదే దురద, మంట వస్తున్నాయంటే చాలాసార్లు దానికి కారణం క్యాండిడా అనే ఈస్ట్. ఇది ఫంగస్ జాతికి చెందిన సూక్ష్మజీవి. ఎవరి దగ్గరి నుంచో అంటుకున్నదని అనుమానపడాల్సిన పని లేదు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోటిలో, పేగుల్లో, కొందరు ఆడవారి యోనిలో ఇది కొద్దిపాటిగా ఉంటూనే ఉంటుంది, ఏ ఇబ్బందీ పెట్టదు. దానికి తిండి దొరికి, అడ్డుకునే శక్తి తగ్గినప్పుడే విజృంభిస్తుంది.

ఆడవారిలో విపరీతమైన దురద, ఎరుపు, వాపు, మూత్రం తగిలినప్పుడు మంట, విరిగిన పాల ముక్కల్లాంటి తెల్లబట్ట కనిపిస్తాయి. దుర్వాసన సాధారణంగా ఉండదు. మగవారిలో అంగం కొన మీద ఎర్రటి మచ్చలు, ముందు చర్మం కింద తెల్లటి పొర, ఆ చర్మం అంచున సన్నని పగుళ్లు వస్తాయి. పగుళ్లు మానుతూ మళ్లీ చీలుతూ ఉంటే చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాదు. సుంతీ చేయించుకున్నవారిలో ఇది తక్కువ. ఎప్పుడూ లేనిది నడివయసులో ఒక మగమనిషికి ఇలా పగుళ్లు వచ్చాయంటే ముందుగా రక్తంలో చక్కెర చూడాలి. షుగరు ఉన్నట్టు తెలియని కొందరిలో అది బయటపడేది ఈ పగుళ్లతోనే.

చక్కెరకూ ఈస్ట్‌కూ ఉన్న సంబంధం మూత్రపిండాల దగ్గర మొదలవుతుంది. అవి రక్తాన్ని వడపోసేటప్పుడు చక్కెర కూడా వడపోతలోకి దిగుతుంది. అయితే దాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి లాక్కుంటాయి. ఆ లాక్కునే శక్తికి ఒక హద్దు ఉంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 180 మిల్లీగ్రాముల చుట్టుపక్కల దాటితే మిగిలింది మూత్రంలోకి పోతుంది. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ ఆ తీపి చర్మం మడతల్లో కొంత మిగిలిపోతుంది. వెచ్చదనం, తడి అక్కడ ఎలాగూ ఉన్నాయి. ఈస్ట్ పెరగడానికి ఇంకేమీ అక్కర్లేదు.

మూత్రమే కాదు, యోనిలోని స్రావాల్లోనూ చక్కెర పెరుగుతుంది. అది ఎక్కువగా ఉన్నప్పుడు ఈస్ట్ కణాలు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటాయి. మరోవైపు సూక్ష్మజీవులను మింగేసే తెల్లకణాలు చురుకు తగ్గి, ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి ఆలస్యంగా చేరతాయి. నెలసరి ఆగిపోయిన ఆడవారిలో ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల మామూలుగా ఈ ఇన్ఫెక్షన్ అరుదు. అరవై ఏళ్ల మనిషికి ఇది పదేపదే వస్తున్నదంటే, హార్మోను మందులేవీ వాడకపోతే, షుగరు వైపు చూడడం సబబు.

మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షతో ఈ 180 గీతను పోల్చి చూడవచ్చు. హెచ్‌బీఏ1సీ 8 అంటే సగటు చక్కెర సుమారు 183. అంటే రోజులో చాలాసేపు మూత్రంలోకి చక్కెర కారుతూనే ఉందన్నమాట. 7 అంటే సగటు సుమారు 154. ఇక్కడ కారడం బాగా తగ్గుతుంది. సగటుతో ఒక చిక్కు లేకపోలేదు. రిపోర్టులో 7.2 ఉన్నా, పరగడుపున 110, రాత్రి అన్నం తిన్నాక 230 ఉండే మనిషికి ఆ రెండు మూడు గంటలు గీత దాటుతూనే ఉంటుంది. అందుకే ఇన్ఫెక్షన్ తిరగబెడుతున్నవారు పరగడుపు లెక్క ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు. తిన్న రెండు గంటల తర్వాతి లెక్క కూడా కావాలి.

ఇది ఆచరణలో ఎలా నడుస్తుందో ఊహించిన ఒక ఉదాహరణలో చూద్దాం. యాభై రెండేళ్ల గృహిణి. ఎనిమిదేళ్లుగా షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. దురద మొదలైంది. డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడి మెడికల్ షాపులో అడిగితే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇచ్చారు. మూడు రోజుల్లో తగ్గింది. అయిదు వారాలకు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాత్ర. మూడోసారి దురద తట్టుకోలేక ఇంట్లో ఉన్న ఒక ట్యూబు రాశారు. అది ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిపిన క్రీము. మన షాపుల్లో చీటీ లేకుండానే ఇలాంటివి దొరుకుతాయి. స్టెరాయిడ్ రెండు రోజుల్లో దురదను అణిచేస్తుంది, ఈస్ట్‌కు మాత్రం ఇంకా చోటిస్తుంది. ఎక్కువ రోజులు రాస్తే చర్మం పలచబడుతుంది.

చివరికి డాక్టరు దగ్గరికి వెళితే ముందు చేసింది మందు రాయడం కాదు, చూసి నిర్ధారించడం. తెల్లబట్టను కొద్దిగా తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఈస్ట్ మొగ్గలు, పోగులు కనిపించాయి. ఆమ్లగుణం మామూలుగానే ఉంది. అది తగ్గి, చేపవాసన వస్తే అది ఈస్ట్ కాదు, బ్యాక్టీరియా వల్ల వచ్చే వేరే సమస్య. దానికి ఫంగస్ మాత్ర పనిచేయదు. ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది కాబట్టి ఏ రకం ఈస్టో తేల్చే కల్చర్ పరీక్షకు పంపారు. హెచ్‌బీఏ1సీ 10.2 వచ్చింది. సగటున సుమారు 246 అన్నమాట.

షుగరున్నవారికి, అందులోనూ తిరగబెట్టిన ఇన్ఫెక్షన్‌కు ఒక్క మాత్ర చాలకపోవచ్చు. కల్చర్‌లో మామూలు రకమైన క్యాండిడా అల్బికన్స్ తేలడంతో మూడు రోజులకొకటి చొప్పున 1, 4, 7వ రోజుల్లో మూడు మాత్రలు, తర్వాత ఆరు నెలల పాటు వారానికొకటి రాశారు. ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. ఫ్లూకోనజోల్ కాలేయంలో గ్లిమెపిరైడ్ కరిగిపోవడాన్ని అడ్డుకుంటుంది. దాంతో గ్లిమెపిరైడ్ బలం పెరిగి చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు, చెమటలు, వణుకు రావచ్చు. డాక్టరు ఆ మాత్ర డోసు తగ్గించి, ఇంట్లో మీటరుతో చూసుకోమన్నారు. షాపులో మాత్ర అడిగి తెచ్చుకున్నప్పుడు ఈ మాట చెప్పేవారు ఎవరూ ఉండరు. గర్భిణులకైతే ఈ మాత్ర అసలు ఇవ్వరు, వారం రోజులు పైపూత మందు, లోపల పెట్టుకునే మందు వాడతారు.

దీనితో పాటు రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు. మూడు వారాల్లో పరగడుపు లెక్క 130కి, తిన్న తర్వాతది 190కి దిగింది. మూత్రంలో చక్కెర దాదాపు పోయింది. హెచ్‌బీఏ1సీ తగ్గినట్టు కనబడడానికి మూడు నెలలు పట్టినా, ఈస్ట్‌కు తిండి తగ్గడం మాత్రం చక్కెర గీత కిందికి వచ్చిన కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. మూడు నెలలకు 7.6 వచ్చింది. ఆరు నెలల మాత్రలు ముగిసేసరికి ఆమెకు ఇబ్బంది లేదు.

ఆ మాత్రలు ఆపాక ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. వారానికో మాత్ర పద్ధతి మీద 2004లో అమెరికా నుంచి వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆరు నెలలు వాడినంత కాలం పదిమందిలో తొమ్మిదిమంది బాగానే ఉన్నారు. ఆపిన మరో ఆరు నెలలకు అలా మిగిలినవారు సగం కన్నా తక్కువ. మందు ఈస్ట్‌ను అణిచి ఉంచుతుందే తప్ప మళ్లీ రాకుండా హామీ ఇవ్వదు. షుగరున్నవారిలో మందు ఆపే నాటికి చక్కెర ఇంకా 250 దగ్గరే ఉంటే అది తిరిగి రావడానికి దారి తెరిచి ఉన్నట్టే. అదుపులో ఉంటే రావడం తగ్గుతుంది, వచ్చినా తేలిగ్గా లొంగుతుంది. పూర్తిగా మాయమవుతుందని మాత్రం చెప్పలేం.

చక్కెర దిగినా, మందు సరిగా వాడినా తగ్గనివారు రెండు రకాలు. మొదటి రకంలో ఈస్టే వేరు. క్యాండిడా గ్లాబ్రాటా అనే జాతి షుగరున్న ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తుంది, ఫ్లూకోనజోల్‌కు సరిగా లొంగదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు షుగరున్న ఆడవారి మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జాతి మీద ఫ్లూకోనజోల్ ఒక్క డోసు కన్నా, 14 రోజులు లోపల పెట్టుకునే 600 మిల్లీగ్రాముల బోరిక్ యాసిడ్ మందు మెరుగ్గా పనిచేసింది. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడిలో ఉండేదీ ఈ బోరిక్ యాసిడే. అలాగని ఆ పొడితో సొంత వైద్యం చేసుకోకూడదు. నోట్లోకి పోతే అది విషం. గర్భిణులు దీన్ని వాడనే కూడదు. కల్చర్ పరీక్ష విలువ ఇక్కడే తెలుస్తుంది.

రెండో రకంలో కారణం షుగరు మాత్రే. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ వంటి మందులు, అంటే పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉన్నవన్నీ, మూత్రపిండాలు చక్కెరను వెనక్కి లాక్కోకుండా ఆపుతాయి. 180 దాకా ఆగాల్సిన పని లేకుండా రోజుకు 60 నుంచి 80 గ్రాముల చక్కెర మూత్రంలో పోతుంది. అలా రక్తంలో చక్కెర తగ్గుతుంది, హెచ్‌బీఏ1సీ బాగుంటుంది, ఈస్ట్‌కు తిండీ దొరుకుతుంది. ఈ మాత్రలు వాడేవారిలో జననాంగాల ఈస్ట్ ఇన్ఫెక్షన్ మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువ. ఆడవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వస్తుంది, మగవారిలో అంతకన్నా తక్కువ. ఎక్కువగా మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లోనే. మన దేశంలో 2020లో డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిశాక ధర బాగా తగ్గి వాడకం పెరిగింది కాబట్టి, షుగరు అదుపులో ఉన్నా దురద ఎందుకొస్తున్నదో అర్థం కానివారు ముందు తమ మాత్ర పేరు చదువుకోవాలి.

అలాగని ఆ మాత్రను సొంతంగా మానేయడం తప్పు. గుండెకు, మూత్రపిండాలకు అవి చేసే మేలు ఎక్కువ. మొదటిసారి వచ్చిన ఇన్ఫెక్షన్ పైపూతతోనో, ఒకటి రెండు మాత్రలతోనో తగ్గుతుంది, షుగరు మాత్ర కొనసాగించవచ్చు. మూత్రానికి వెళ్లాక మామూలు నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవడం, మగవారు ముందు చర్మం వెనక్కి జరిపి కడుక్కోవడం ఇక్కడ నిజంగా పనికొచ్చే పనులు. ఘాటైన సబ్బులు, లోపలి దాకా కడగడం మంటను పెంచుతాయి. ఇన్నిచేసినా తిరగబెడితే మాత్ర మార్చాలో లేదో డాక్టరు తేలుస్తారు.

ఈ మాత్రలు వాడేవారిలో అరుదుగా వచ్చే ప్రమాదం ఒకటుంది. జననాంగాలకూ మలద్వారానికీ మధ్య చర్మం కింది కణజాలం వేగంగా కుళ్లిపోయే ఇన్ఫెక్షన్ అది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో దీని గురించి హెచ్చరిక జారీ చేసింది. మామూలు ఈస్ట్‌లో దురద ఎక్కువ, నొప్పి తక్కువ. ఆ భాగంలో తీవ్రమైన నొప్పి, వాపు, ఎరుపు, వీటితో పాటు జ్వరమో, బాగా నీరసమో ఉంటే అది ఈస్ట్ అనుకుని ట్యూబు రాస్తూ కూర్చోకూడదు, తెల్లారేదాకా ఆగకూడదు. అప్పటికప్పుడు శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెళ్లాలి.