మొదటి దమ్ముకు ముందు

ఒరేయ్ ఇంటర్ కుర్రాడా! పాన్‌డబ్బా దగ్గర ఆ సిగరెట్ వెలిగించేముందు ఒక్క మాట విను. తొలి దమ్ముకు దగ్గొస్తుంది, తల తిరుగుతుంది. అయినా నికోటిన్ సెకన్లలోనే మెదడుకు చేరి, ఇంకోటి కావాలనిపిస్తుంది. తగలేసిన డబ్బు సంగతి వదిలెయ్, మళ్లీ సంపాదించుకోవచ్చు. ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు మాత్రం ఒకసారి చితికితే తిరిగి పుట్టవు. మొన్న మందు పీల్చాక స్పైరోమెట్రీ గొట్టంలోకి బలంగా ఊదించారు. ఊదే గాలిలో కనీసం 70 శాతం మొదటి సెకనులోనే బయటికి రావాలి. నాది 58 దగ్గరే ఆగింది. సీఓపీడీ అన్నారు డాక్టరు. సిగరెట్ మానేస్తే నష్టం నెమ్మదిస్తుంది, పోయిన శ్వాస మాత్రం రాదు. రెండో అంతస్తుకు మధ్యలో ఆగి ఎక్కుతున్నాను. మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు ఉంది: 1800-11-2356.